కాలనీ క్లీనింగ్‌కి పిలుపు: ఫొటో కింద ఆ పది లైన్లు ఎలా రాయాలి

విశాఖలో ఏ కాలనీ వాట్సాప్ గ్రూపు తెరిచినా ఇలాంటి పిలుపు ఒకటి కనిపిస్తుంది.

> యావన్మంది కాలనీ వాసులకు తెలియజేయునది ఏమనగా, మన కాలనీని పరిశుభ్రంగా ఉంచుకొనవలసిన బాధ్యత మనందరిపై ఉన్నది కావున రేపు ఉదయం పార్కు వద్ద స్వచ్ఛతా కార్యక్రమం నిర్వహించబడును. అందరూ విచ్చేసి జయప్రదం చేయవలసిందిగా ప్రార్థన. ఇట్లు, సంఘం.

దీని కింద వరసగా దణ్ణాలు, బొటనవేళ్లు పడతాయి. మర్నాడు పొద్దున ప్రెసిడెంటు గారు, సెక్రటరీ గారు, వాచ్‌మన్, వాకింగ్‌కి వచ్చి దొరికిపోయిన ఒకరిద్దరు తప్ప ఎవరూ ఉండరు. జనానికి శ్రద్ధ లేదని వారమంతా చెప్పుకుంటారు. శ్రద్ధ సంగతి అలా ఉంచండి. ఆ పిలుపు చదివినవాళ్లకి ఎన్నింటికి రావాలో తెలీదు. పార్కుకి రెండు గేట్లుంటే ఏ గేటో తెలీదు. చేతులూపుకుంటూ రావాలో, చీపురు పట్టుకుని రావాలో తెలీదు. ఎన్నింటికి వదిలేస్తారో అసలే తెలీదు. ఆదివారం పొద్దున ఇన్ని తెలియనివాటి కోసం ఎవరూ మంచం దిగరు.

క్యాప్షన్ అంటే ఇక్కడ ఫొటోతో పాటు గ్రూపులో పడే ఆ నాలుగు మాటలే. దాని పని జనాన్ని కదిలించడం కన్నా, చదివినవాళ్లు ఫోన్ చేసి అడగబోయే ప్రశ్నలకు ముందే జవాబు చెప్పడం. ఒక మాదిరి కాలనీని తీసుకుని మొదటి నుంచీ చివరిదాకా రాసి చూద్దాం. మధురవాడ వైపు నాలుగు వీధుల కాలనీ అనుకోండి. మధ్యలో పార్కు, పార్కు వెనక సందు, సందు పక్కన మురుగు పారే గెడ్డ. నైరుతి వానలు దిగేలోపు ఆ సందు శుభ్రం చేయాలని సంఘం అనుకుంది. రోజు జూన్ 7, ఆదివారం.

రాయడానికి ముందు తేల్చుకోవలసినవి

క్యాప్షన్‌లో ఏ మాట నీళ్లు నములుతున్నట్టు ఉందో, అక్కడ ఏర్పాటు ఇంకా తేలలేదని లెక్క. "కాలనీ అంతా శుభ్రం చేద్దాం" అని ఉందంటే ఎక్కడ చేయాలో ఇంకా అనుకోలేదు. "కావలసిన సామగ్రితో రండి" అని ఉందంటే ఏం కావాలో ఎవరూ లెక్క వేయలేదు. కాబట్టి ఫోన్‌లో టైపు చేయడం మొదలుపెట్టే ముందే ఇద్దరు ఆ సందులో ఒకసారి నడిచి రావాలి.

నడిచినప్పుడు చూడవలసింది అక్కడ ఉన్న చెత్త ఏ రకమో. మన మాదిరి సందులో ఇలా ఉందనుకుందాం: గోడ వెంబడి చిప్స్ ప్యాకెట్లు, నీళ్ల సీసాలు, పార్కు గేటు దగ్గర బొండాల బండి వాళ్లు వదిలేసిన కొబ్బరి డొక్కలు, మలుపులో ఎవరో ఇల్లు బాగుచేయించుకుని పోసేసిన సిమెంటు పెళ్లలు, గెడ్డ అంచున పెరిగిన పిచ్చిమొక్కలు. ఇవి నాలుగూ వేర్వేరు పనులు. ప్యాకెట్లు ఏరడానికి చేతికి గ్లౌజులు, సంచి చాలు, పిల్లలు కూడా చేస్తారు. కొబ్బరి డొక్కలకు గోనెసంచులు కావాలి. వాటిలో నిలిచిన వాననీటిలో డెంగీ దోమ పెరుగుతుంది కాబట్టి వానలకి ముందు వాటిని తీసేయడమే ఈ ఆదివారం అసలు పని. సిమెంటు పెళ్లలు మాత్రం వాలంటీర్ల పని కాదు, నడుములు పడిపోతాయి. దానికి ట్రాక్టరు, కూలీలు కావాలి. ఆ కుప్ప జోలికి వెళ్లకూడదని అప్పుడే అనుకుంటే క్యాప్షన్‌లో దాని ఊసే రాదు.

రెండోది, ఏరిన చెత్త ఎటు పోతుందన్నది. సంచులన్నీ కట్టి మూల మీద పెట్టేసి ఇళ్లకు వెళ్లిపోతే, మధ్యాహ్నానికి కుక్కలు, ఆవులు వాటిని చింపేసి సందంతా మళ్లీ పరుస్తాయి. అది చూసినవాళ్లు రెండోసారి పిలిస్తే రారు. వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీని కనీసం నాలుగైదు రోజుల ముందు కలిసి, ఆదివారం చెత్త బండి వస్తుందా, ఎన్నింటికి, ఎక్కడి దాకా వస్తుంది అని మూడూ అడగాలి. జీవీఎంసీ బండి సందులోకి తిరగలేకపోతే సంచులు మెయిన్ రోడ్డు దాకా మోయాలి, అది కూడా పనిలో భాగమే. రాష్ట్రమంతా 2025 జనవరి నుంచి ప్రతి నెలా మూడో శనివారం స్వర్ణాంధ్ర - స్వచ్ఛాంధ్ర కార్యక్రమం జరుగుతోంది. ఆ రోజు పెట్టుకుంటే సిబ్బందితో కలిసి చేయవచ్చు గానీ, అదే రోజు వాళ్లకి వేరే చోట కూడా పనులుంటాయి. శనివారం ఆఫీసులున్న కాలనీకి ఆదివారమే నయం. బండి మాట మాత్రం ముందుగా తీసుకోవాలి.

బండి 8:15కి వస్తానంది అనుకుందాం. ఇక క్యాప్షన్‌లో టైము దానికదే వచ్చేస్తుంది.

టైము: మొదలు, ముగింపు రెండూ

వైజాగ్‌లో జూన్ మొదట్లో 5:20 ప్రాంతానికే సూర్యుడు వచ్చేస్తాడు, ఎనిమిదింటికల్లా సముద్రపు గాలిలోని తేమతో చొక్కా తడిసి ముద్దవుతుంది. అందుకని వేసవిలో 6 గంటలకు మొదలుపెట్టి 8కి ముగించడం మంచిది. అదే జనవరిలో అయితే ఆరున్నర దాకా వెలుగే సరిగా రాదు. ఏడింటికి పిలిస్తే చాలు.

ముగింపు టైము రాయడం చాలామంది మర్చిపోతారు. నా దృష్టిలో మొదలు టైము కన్నా అదే ఎక్కువ పని చేస్తుంది. తొమ్మిదింటికి గుడికి వెళ్లాలి, పదింటికి పిల్లాడిని ట్యూషన్‌లో దింపాలి అనుకునే మనిషి "6 నుంచి 8 వరకు" అని చూస్తే సరే అంటాడు. "6 గంటలకు" అని మాత్రమే ఉంటే మధ్యాహ్నం దాకా ఇరుక్కుపోతానేమోనని టెన్షన్ పడి ఊరుకుంటాడు. ఇంకా ధైర్యం కావాలంటే "అరగంట వచ్చినా చాలు" అని ఒక ముక్క కలపండి. అరగంటకని వచ్చినవాళ్లు మాటల్లో పడి చివరిదాకా ఉండిపోవడం మామూలే.

మన దగ్గర 6 అంటే ఆరున్నర అని అందరికీ తెలుసు కదా, 5:30 అని రాద్దాం అంటారు కమిటీలో ఎవరో ఒకరు. వద్దు. టైముకి వచ్చేసిన నలుగురు అరగంట నిలబడి, వచ్చేసారి ఏడింటికి వస్తారు. 6 అంటే 6కే తాళం తీసి, గ్లౌజులు పంచడం మొదలుపెట్టండి.

తేదీ రాసేటప్పుడు "రేపు", "ఈ ఆదివారం" అనే మాటలు ఒంటరిగా వాడకూడదు. గ్రూపు నుంచి గ్రూపుకి ఫార్వర్డ్ అవుతూ మీ మెసేజ్ ఎవరికి ఏ రోజు చేరుతుందో మీ చేతిలో ఉండదు. ఆదివారం సాయంత్రం చేరిన "రేపు" చూసి సోమవారం పొద్దున ఎవరో చీపురుతో నిలబడతారు. "జూన్ 7, ఆదివారం" అని తేదీ, వారం రెండూ రాయండి. ఒకటి తప్పు పడితే రెండోది పట్టిస్తుంది. క్యాలెండర్ చూసి రెండూ కలుస్తున్నాయో లేదో సరిచూసుకోండి.

చోటు: నిలబడే జాగా దాకా చెప్పాలి

"ఆర్కే బీచ్‌లో కలుద్దాం" అంటే ఒకరు కాళీమాత గుడి దగ్గర, ఇంకొకరు సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర, మూడోవాళ్లు వైఎంసీఏ ఎదురుగా నిలబడి ఒకరికొకరు ఫోన్లు చేసుకుంటారు. "రైతుబజార్ దగ్గర" అన్నా అంతే, ఊళ్లో రైతుబజార్లు చాలా ఉన్నాయి. కాలనీ లోపలి వాళ్లకే కదా, పార్కు అంటే తెలుస్తుందిలే అనుకోకండి. కిందటి నెల అద్దెకు దిగినవాళ్లకి ముందు గేటు ఒక్కటే తెలుసు.

చోటు రాయడానికి మూడు ముక్కలు చాలు: ఏ చోట, ఏ వైపు, ఎదురుగా ఏముంది. "కాలనీ పార్కు, వెనక గేటు, వాటర్ ట్యాంకు ఎదురు." ఎదురుగా ఉన్నదాన్ని ఎంచుకునేటప్పుడు ఆదివారం ఉదయం ఆరింటికి కూడా కనిపించేదాన్ని చూసుకోవాలి. టిఫిన్ బండి గుర్తు చెబితే ఆ బండి ఏడింటికి గానీ రాకపోవచ్చు. మూసి ఉన్న షాపు షట్టర్ మీద పేరు కనపడదు. వాటర్ ట్యాంకు, ట్రాన్స్‌ఫార్మర్, గుడి, పెద్ద రావిచెట్టు ఎక్కడికీ పోవు.

గూగుల్ మ్యాప్స్ లింకు పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. కాలనీ పేరు కొట్టి వచ్చినదాన్ని షేర్ చేస్తే అది కాలనీ నడిబొడ్డునో, అదే పేరున్న ఇంకో కాలనీనో చూపించవచ్చు. మ్యాప్‌ను పెద్దది చేసి వెనక గేటు మీద వేలితో నొక్కి పట్టుకోండి. ఎర్ర గుర్తు పడుతుంది, దాని లింకు పంపండి. పంపే ముందు ఇంకొకరి ఫోన్‌లో తెరిపించి చూడండి.

బండి పెట్టుకునే చోటు గురించి ఒక మాట అవసరమైతేనే రాయండి. పక్క వీధుల వాళ్లు కూడా వచ్చేటట్టయితే, సందులో స్కూటర్లు నిలిపితే చెత్త బండికి దారి ఉండదు.

ఏం తెచ్చుకోవాలి: ఇక్కడే అసలు పని

క్యాప్షన్‌లో ఎక్కువ మంది తేలిగ్గా తీసుకునేది ఈ లైనునే. ఎక్కువ ఆలోచించవలసిందీ ఇక్కడే. "గ్లౌజులు, మాస్క్, చీపురు, పార, టోపీ, నీళ్లు, శానిటైజర్ తీసుకుని రాగలరు" అని రాస్తే ఏమవుతుందో చూడండి. అపార్ట్‌మెంట్‌లో ఉండే మూడొంతుల మందికి ఇంట్లో పార ఉండదు. చీపురు అంటే ఇల్లు ఊడ్చే మెత్తటి గడ్డి చీపురు తెస్తారు, అది సందులోని తడి ఆకుల మీద రెండు నిమిషాలు ఆగదు. జాబితాలో సగం మా ఇంట్లో లేవు కాబట్టి నేను పనికిరానేమో అనుకుని కొందరు మానేస్తారు. అందుకని సామాన్ల జాబితాను రెండుగా విడగొట్టాలి: మీరు తెచ్చేవి, మేం ఇచ్చేవి.

మీరు తెచ్చేవాటిలో ప్రతి ఇంట్లోనూ ఖాయంగా ఉండేవి మాత్రమే పెట్టండి. నీళ్ల సీసా, టోపీ లేదా తువ్వాలు, కాలి వేళ్లు మూసుకునే బూట్లు. చివరిదాన్ని విడమరచి చెప్పాలి, ఎందుకంటే మన వాళ్లు సహజంగా హవాయి చెప్పులతో వచ్చేస్తారు. ఆ సందులో గాజు పెంకులు, తుప్పు మేకులు ఉంటాయి. "బూట్లు ధరించి రావలెను" కన్నా "చెప్పులు వద్దు, బూట్లే. గాజు పెంకులున్నాయి" అంటే అందరికీ ఎక్కుతుంది. కారణం ఒక్క మాటలో చెప్పిన సూచనను జనం పాటిస్తారు. కారణం లేనిదాన్ని సంఘం వాళ్ల పెత్తనం అనుకుంటారు.

ఇంకొకటి, టీ గ్లాసు. పని అయ్యాక టీ, టిఫిన్ పెడతారు కదా. పేపర్ కప్పుల లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది. ముప్పై మంది రెండేసి కప్పులు తాగితే, శుభ్రం చేసిన చోటే అరవై కప్పులు. "మీ స్టీలు గ్లాసు మీరే తెచ్చుకోండి, టీ మేం పోస్తాం" అన్న లైను కాస్త చమత్కారంగా కూడా ఉంటుంది, టీ ఉందన్న సంగతీ తెలిసిపోతుంది.

మేం ఇచ్చేవి అనే జాబితాలో గ్లౌజులు, సంచులు, పారలు, ఈనెల చీపుళ్లు. గ్లౌజులంటే ఆసుపత్రిలో వాడే పల్చటివి కాదు, అవి కొబ్బరి డొక్క పట్టుకోగానే చిరిగిపోతాయి. అరచేతికి రబ్బరు పూత ఉన్న నూలు గ్లౌజులు హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాయి. ముప్పై మంది వస్తారనుకుంటే నలభై జతలు తెప్పించండి. మిగిలినవి వచ్చేసారికి ఉంటాయి. సంచులు మనిషికొకటి కాకుండా ఇద్దరికి రెండు లెక్కన పెట్టుకోవాలి: ఒకరు పట్టుకుంటే ఇంకొకరు వేస్తారు, ఒక దానిలో పొడి ప్లాస్టిక్, సీసాలు, రెండో దానిలో మిగతాది. అన్నీ ఒకే సంచిలో కుక్కితే తడిసిన ఆకులంటుకుని సీసాలు కూడా ఎవరికీ పనికిరాకుండా పోతాయి. కొబ్బరి డొక్కలకు వేరే గోనెసంచులు. ఖాళీ సిమెంటు సంచులు కూడా బాగుంటాయి, ఎక్కడైనా పని జరుగుతుంటే అడిగితే ఇచ్చేస్తారు. ఈ వివరమంతా క్యాప్షన్‌లోకి ఎక్కదు. ఎక్కేది "గ్లౌజులు, సంచులు, పారలు మేం ఇస్తాం" అన్న ఒక్క ముక్క. కానీ ఆ ముక్క వెనక ఈ లెక్క ఉండాలి. 6:10కి గ్లౌజులు అయిపోతే, ఆ తర్వాత వచ్చినవాళ్లు చేతులు కట్టుకుని నిలబడతారు.

ఎవరింట్లోనైనా పారో, గమేళావో ఉంటే అవి కూడా కావాలనుకోండి. దాన్ని జాబితాలో కాకుండా విడిగా అడగాలి: "ఎవరి దగ్గరైనా పార, గమేళా ఉంటే గ్రూపులో చెప్పండి." అప్పుడు లేనివాళ్లు వెనక్కి తగ్గరు, ఉన్నవాళ్లు ముందుకొస్తారు.

చేయనివి ఏంటో కూడా చెప్పండి

పక్కన గెడ్డ ఉంది కాబట్టి ఈ లైను తప్పనిసరి. గెడ్డ పేరు వినగానే ఇంట్లో పెద్దవాళ్లకి భయం, పిల్లలకి సరదా. "గెడ్డలోకి ఎవరూ దిగం. పని అంతా సందులో, గట్టు మీదే" అని స్పష్టంగా రాస్తే తల్లులు పిల్లల్ని పంపుతారు. ఇది మాట వరసకి రాసేది కాదు. మురుగు కలిసిన నీటిలో ఎలుకల మూత్రం ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్ లాంటి జబ్బులు కాలి మీద చిన్న గాటు ఉన్నా అంటుకోగలవు. బురద ఎంత లోతో పైనుంచి తెలీదు. గెడ్డ లోపల పూడిక తీయడం జీవీఎంసీ పని, యంత్రాలతో చేయవలసిన పని. మ్యాన్‌హోళ్ల సంగతయితే చెప్పనే అక్కర్లేదు, రక్షణ పరికరాలు లేకుండా మనుషుల్ని దించడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం. ఉత్సాహంలో ఎవరైనా కుర్రాడు మూత ఎత్తబోతే ఆపడానికి మనిషిని పెట్టండి.

సూదులు, పగిలిన ట్యూబ్‌లైట్లు, శానిటరీ ప్యాడ్లు కనిపిస్తే ముట్టుకోకుండా పిలవమని అక్కడికి వచ్చాక చెప్పవచ్చు. క్యాప్షన్‌లో ఇవన్నీ రాస్తే చదివినవాళ్లు జడుసుకుంటారు. పిల్లల సంగతి మాత్రం రాయాలి: "పదేళ్లు దాటిన పిల్లలు పెద్దవాళ్లతో కలిసి రావచ్చు." వయసు ఎంత అన్నది మీ ఇష్టం, ఏదో ఒకటి చెప్పకపోతే మాత్రం ఐదేళ్లవాళ్లు కూడా వస్తారు.

మొదటి లైను

వాట్సాప్‌లో మెసేజ్ పొడుగైతే కొంత చూపించి కింద `Read more` అని వస్తుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో కింద రెండు లైన్లు కూడా పూర్తిగా కనిపించవు. అది నొక్కి చదివేవాళ్లు తక్కువే. కాబట్టి ఎప్పుడు, ఎక్కడ, ఏం పని అన్నవి మొదటి రెండు లైన్లలోనే అయిపోవాలి. "యావన్మంది" నుంచి "బాధ్యత మనందరిపై ఉన్నది కావున" దాకా పోయిన జాగా అంతా వృథా.

మరి పిలుపులో మర్యాద ఉండక్కర్లేదా? ఉండాలి. "పార్కు వెనక సందు శుభ్రం చేద్దాం, రండి" అంటే చాలు. "నిర్వహించబడును" అంటే ఎవరో చేస్తారు, మనం చూడ్డానికి వెళ్లవచ్చు అన్నట్టుంది. "చేద్దాం" అన్నప్పుడు రాసినవాళ్లు కూడా చీపురు పట్టుకుంటారని తెలుస్తుంది. "ప్రతి ఇంటి నుంచి ఒకరు తప్పనిసరిగా హాజరు కావాలి" అని హుకుం జారీ చేస్తే, మెయింటెనెన్స్ బాకీ ఉన్నవాళ్లు గ్రూపులో కొత్త గొడవ మొదలుపెడతారు. వేరే వీధుల్లో చెత్త వేసేవాళ్ల మీద ఎత్తిపొడుపులు కూడా ఇక్కడ వద్దు. దానికి మీటింగులున్నాయి.

రాసేద్దాం

ఇప్పటిదాకా తేలినవన్నీ కలిపితే ఇలా వస్తుంది.

> \*జూన్ 7, ఆదివారం, ఉదయం 6 నుంచి 8 వరకు\*
> పార్కు వెనక సందు శుభ్రం చేద్దాం, రండి. వానలకి ముందే కొబ్బరి డొక్కలు, ప్లాస్టిక్ తీసేస్తే దోమలు తగ్గుతాయి.
>
> కలిసే చోటు: కాలనీ పార్కు వెనక గేటు, వాటర్ ట్యాంకు ఎదురు. మ్యాప్ లింకు కింద ఉంది.
>
> మీరు తెచ్చుకోవలసినవి: నీళ్ల సీసా, టోపీ లేదా తువ్వాలు, టీకి స్టీలు గ్లాసు. చెప్పులు వద్దు, బూట్లే వేసుకోండి, గాజు పెంకులున్నాయి.
> మేం ఇచ్చేవి: గ్లౌజులు, సంచులు, పారలు, చీపుళ్లు. 8కి టీ, ఇడ్లీ.
>
> గెడ్డలోకి ఎవరూ దిగం. పదేళ్లు దాటిన పిల్లలు పెద్దవాళ్లతో రావచ్చు. అరగంట వచ్చినా చాలు.
>
> వచ్చేవాళ్లు ఫ్లాట్ నంబరు, ఎంతమందో శుక్రవారం రాత్రిలోపు ఇక్కడే రాయండి. ఉదాహరణకి: 302, ఇద్దరం.
> వాన పడితే శనివారం రాత్రి 8కి ఇదే గ్రూపులో చెబుతాం.

నక్షత్రం గుర్తుల మధ్య ఉన్న లైను వాట్సాప్‌లో లావు అక్షరాల్లో కనిపిస్తుంది. గుర్తుకీ అక్షరానికీ మధ్య ఖాళీ వదిలితే లావు రాదు, గుర్తులే మిగిలిపోతాయి. మెసేజ్ మొత్తంలో ఒక్క లైనుకే ఇది వాడండి. అన్నీ లావుగా ఉంటే ఏదీ కంటికి ఆనదు. చీపురు, చెట్టు, భూగోళం బొమ్మలు లైనుకి నాలుగేసి పెట్టే అలవాటు కూడా ఉంది. కంటికి కాస్త ఆగే చోటు కావాలనుకుంటే చోటుకి ఒకటి, టైముకి ఒకటి చాలు.

ఫ్లాట్ నంబరు అడగడం వెనక లెక్క ఉంది. బొటనవేలు అంటే "చూశాను" అని అర్థం, "వస్తాను" అని కాదు. అంకె రాసిన మనిషి మాత్రం దాదాపు ఖాయంగా వస్తాడు, పక్క ఫ్లాటు వాళ్లు చూసి తమదీ రాస్తారు. ఇడ్లీ ఎన్ని ప్లేట్లు చెప్పాలో కూడా దాన్నిబట్టే తేలుతుంది. రాసినవాళ్లలో కొందరు రారు, రాయనివాళ్లు కొందరు వస్తారు. వచ్చిన అంకెకి కాస్త పైగానే చెప్పుకోండి.

నేవీ, స్టీలు ప్లాంటు, పోర్టు ఉద్యోగాల వల్ల మన కాలనీల్లో ఒడిశా, బెంగాల్, ఉత్తరాది కుటుంబాలు చాలా ఉంటాయి. తెలుగు కింద మొదటి రెండు లైన్లూ, తెచ్చుకోవలసినవీ ఇంగ్లిష్‌లోనో హిందీలోనో విడి మెసేజ్‌గా పెట్టండి. రెండు భాషలూ ఒకే దానిలో కలిపితే పొడుగైపోయి ఎవరూ చదవరు.

ఫొటో

టెంప్లేట్ పోస్టర్లో నవ్వుతున్న పిల్లలు, పచ్చటి భూగోళం ఉంటాయి. అది చూస్తే ఎక్కడిదో అనిపిస్తుంది. ఆ సందునే ఫొటో తీసి పెట్టండి. పొద్దున్న వెలుగులో, గేటు, వాటర్ ట్యాంకు రెండూ కనపడేలా తీస్తే ఫొటోనే చిరునామా అవుతుంది. మనుషుల మొహాలు, ఇంటి నేమ్ బోర్డులు, బండి నంబర్లు పడకుండా చూసుకోండి. చెత్త పక్కన ఎవరి గేటు కనిపించినా వాళ్లే వేశారని గ్రూపులో అనుకుంటారు.

పోస్టర్ తప్పదనుకుంటే, దాని మీద ఉన్న తేదీ, టైము, చోటు క్యాప్షన్‌లో మళ్లీ రాయండి. నాలుగు గ్రూపులు తిరిగేసరికి బొమ్మ మసకబారుతుంది. బొమ్మలోని అక్షరాలు గ్రూపులో వెతికితే దొరకవు, కాపీ చేసుకోవడం కూడా అంత సులువు కాదు. చూపు తక్కువున్న పెద్దవాళ్ల ఫోన్ చదివి వినిపించేది కూడా క్యాప్షన్‌నే.

పంపడం, గుర్తు చేయడం

పంపే ముందు కమిటీలో లేని ఒకరికి చూపించండి. మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ గారైనా సరే, పదో తరగతి అమ్మాయైనా సరే. చదివాక ఎన్నింటికి, ఎక్కడికి, ఏం పట్టుకుని అని అడగండి. మెసేజ్ మళ్లీ చూసుకోకుండా మూడూ చెబితే పంపేయవచ్చు. ఈ జాగ్రత్త ఎందుకంటే వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌ను 15 నిమిషాల లోపే దిద్దుకోగలం, అప్పటికే ఫార్వర్డ్ అయిపోయిన కాపీల్లో పాత తప్పు అలాగే ఉండిపోతుంది. తేదీ తప్పు పోయిందని తర్వాత తెలిస్తే, మొదటి లైనులోనే "తేదీ మారింది" అని కొత్త మెసేజ్ పెట్టి, పాతదాన్ని అందరికీ డిలీట్ చేయండి.

మొదటి పిలుపు వారం ముందు ఆదివారం రాత్రి వెళ్లాలి. అంతకన్నా ముందు పెడితే మర్చిపోతారు, శుక్రవారం పెడితే జనం వేరే ఏదో అనుకుని ఉంటారు. గ్రూపులో పుట్టినరోజు శుభాకాంక్షలు వరద కట్టే పొద్దున పూట కాకుండా రాత్రి ఎనిమిది ప్రాంతంలో పెట్టి, పైన పిన్ చేయించండి. శనివారం రాత్రి గుర్తు చేసేటప్పుడు మొత్తం మళ్లీ అతికించకండి. రెండు లైన్లు చాలు:

> రేపు (జూన్ 7) ఉదయం 6కి పార్కు వెనక గేటు దగ్గర. బూట్లు, నీళ్ల సీసా, స్టీలు గ్లాసు. ఇప్పటికి 26 మంది పేర్లిచ్చారు.

ఆ అంకె మీకు నిజంగా ఎంత వస్తే అంతే పెట్టండి. ఏడుగురే అయితే అంకె వదిలేయండి.

వాట్సాప్ లేని పెద్దవాళ్లకి ఎస్ఎంఎస్ పంపేటట్టయితే ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. ఇంగ్లిష్ అక్షరాలైతే ఒక మెసేజ్‌లో 160 పడతాయి, తెలుగైతే 70 మాత్రమే. గుణింతం గుర్తులు, వత్తులు కూడా విడివిడిగా లెక్కలోకి వస్తాయి. "జూన్ 7 ఆదివారం ఉ.6-8, పార్కు వెనక గేటు. బూట్లు, నీళ్లు తెండి" అనేంత వరకే ఆ జాగాలో ఇముడుతుంది. లిఫ్టు పక్కన నోటీసు బోర్డుకైతే పూర్తి క్యాప్షన్‌నే పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసి పెట్టండి, చివరి రెండు లైన్లు మార్చి, పేరు రాయడానికి కింద ఖాళీ గళ్లు, తాడుకి కట్టిన పెన్ను పెట్టండి. పెన్ను కట్టకపోతే మర్నాటికి ఉండదు.

వాన పడితే

జూన్‌లో ఎంత లెక్క వేసుకున్నా శనివారం సాయంత్రం మబ్బు పట్టవచ్చు. రాత్రి 8కి చెబుతాం అన్నారు కాబట్టి వాన ఉన్నా లేకపోయినా 8కి మెసేజ్ పడాలి. జరుగుతుంటే పై రెండు లైన్లే ఆ మెసేజ్. జరగకపోతే ఇలా:

> వాన వల్ల రేపటి (జూన్ 7) క్లీనింగ్ వాయిదా. జూన్ 14, ఆదివారం, అదే టైము, అదే గేటు. పేర్లిచ్చినవాళ్లు మళ్లీ ఇవ్వక్కర్లేదు, రాలేనివాళ్లు మాత్రం చెప్పండి.

ఇది పెట్టిన వెంటనే ఇడ్లీ చెప్పిన చోటికీ, శానిటేషన్ సెక్రటరీకీ విడిగా ఫోన్ చేయండి. వాళ్లు మీ గ్రూపులో ఉండరు.